శుక్రవారం నా చివరి రోజు

అందరికీ నమస్కారం.

మన కంపెనీ అమ్మకం ఖాయమైందని చెప్పిన రోజే మీలో చాలామంది "మరి మీరుంటారా?" అని అడిగారు. నేను మాట దాటేశాను. హ్యాండోవర్ పూర్తయ్యేదాకా ఆ సంగతి బయటపెట్టకూడదని ఒప్పందంలో ఉంది మరి. ఇప్పుడు చెప్పొచ్చు. ఈ శుక్రవారంతో నేను సెలవు తీసుకుంటున్నాను.

నన్నెవరూ వెళ్లమనలేదు. నిజానికి ఇంకో ఏడాది ఉండమనే అడిగారు. కానీ ఈమధ్య మీటింగుల్లో ఒకటి గమనించాను. కొత్త ప్రొడక్ట్ హెడ్ ఏదైనా చెప్పగానే అందరి చూపూ నా మీదకే వస్తోంది, నేను తలూపానా లేదా అని. అలాగైతే ఆవిడ పని చేయలేరు, మీరూ నలిగిపోతారు. నేనా గదిలో లేకపోవడమే నేను ఆవిడకి చేయగల సాయం.

ఇన్నాళ్లూ ఎందుకు దాచారని కొందరికి కోపం ఉంది. ఉండాల్సిందే. చర్చల సంగతి ముందే పొక్కితే మందుల షాపుల వాళ్లు మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రెన్యూవల్ ఆపేస్తారు, ఆ తర్వాత బేరం కుదరకపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతాం. అందుకే నోరు కట్టేసుకున్నాను. ఇక ఎందుకు అమ్మామంటే, షాపు కౌంటర్ మీద మనం గట్టిగా ఉన్నాం కానీ హోల్‌సేలర్ దాకా వెళ్లలేకపోయాం. ఆ ఆర్డర్ల వ్యవస్థ కట్టాలంటే మళ్లీ ఫండింగ్ కోసం తిరగాలి, ఏళ్లు పడుతుంది. మనల్ని కొన్నవాళ్ల దగ్గర అది తయారుగా ఉంది.

డబ్బు విషయాలు సూటిగా చెప్తాను. వెస్ట్ అయిన ఆప్షన్ల సొమ్ము ఈ నెల జీతంతో పాటే వస్తుంది. అందులో కొంత భాగం మాత్రం ఏడాదిపాటు ఎస్క్రోలో ఉంటుంది, అది నాకూ అంతే. వెస్ట్ కానివి కొత్త కంపెనీ షేర్ల కింద మారతాయి, పాత షెడ్యూలే నడుస్తుంది. కొత్త ఆఫర్ లెటర్‌లో మీరు ఇక్కడ చేరిన తేదీ పాతదే ఉందా, మధ్యలో సర్వీస్ తెగకుండా రాశారా అన్నది చూసుకున్నాకే సంతకం పెట్టండి. అర్థం కాని లైను ఉంటే హెచ్‌ఆర్‌ని అడగండి, మొహమాటపడొద్దు.

మీకు అప్పజెప్పాలనుకుంటున్నది ఇంకొకటి ఉంది.

ఎక్స్‌పైరీ అయిన బ్యాచ్ స్కాన్ చేస్తే మన బిల్లు ముందుకు కదలదు. మొదట్లో అది వట్టి హెచ్చరిక, 'ఓకే' నొక్కితే పోయేది. సపోర్ట్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఒక షాపులో సాయంత్రమంతా కూర్చుని చూసొచ్చింది. రద్దీలో కౌంటర్ మనిషి ఆ హెచ్చరిక బాక్సు చదవడమే లేదు, అది తెరమీదకి రాకముందే వేలు ఎంటర్ మీద ఉంటోంది. సేల్స్ వాళ్లు కస్టమర్లు విసుక్కుంటారన్నారు. ఆ అమ్మాయి మాత్రం పట్టు వదల్లేదు. చివరికి 'ఓకే' బటనే తీసేశాం. ఫిర్యాదులు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి.

రేపు మన కోడ్ వాళ్ల సిస్టమ్‌తో కలుస్తుంది. ఎవరో ఒకరు ఆ ఫిర్యాదుల లిస్టు చూసి "ఇదెందుకు ఇంత మొండిగా ఉంది, తీసేద్దాం" అంటారు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకి ఆ సాయంత్రం సంగతి తెలియదుగా. నెట్ పోయినా బిల్లు ఆగకపోవడం, రాత్రి లెక్క తేలకుండా రోజు క్లోజ్ కాకపోవడం, ఇలాంటివి మన దగ్గర చాలా ఉన్నాయి, కారణాలేమో నలుగురైదుగురి బుర్రల్లోనే ఉన్నాయి. రాసి పెట్టండి. పెద్ద డాక్యుమెంట్లు అక్కర్లేదు, కోడ్ పక్కన నాలుగు లైన్లు చాలు. రాశాక కూడా వాళ్లు తీసేద్దామంటే వాదించండి. మీకే అది అనవసరం అనిపిస్తే మీరే తీసేయండి, "సార్ ఉంటే ఒప్పుకునేవారు కాదు" అని మాత్రం అనకండి. ఆ వాదన నాకు పరమ చిరాకు.

నేనేం చేస్తానని అడుగుతున్నారు. కొన్నాళ్లు ఏమీ చేయను. ఆ తర్వాత ఏదైనా మొదలుపెట్టినా మీలో ఎవరినీ రమ్మని పిలవకూడదు, ఒప్పందంలో ఆ క్లాజు కూడా ఉంది. కాబట్టి ఉద్యోగం మాట ఎత్తకపోతే మర్చిపోయాననుకోవద్దు. కబుర్లకి మాత్రం ఏ క్లాజూ అడ్డం రాదు, నా సొంత నంబర్ మీ అందరి దగ్గరా ఉన్నదే.

జీతం ఆలస్యమైన నెలల్లో కూడా నన్ను నమ్మి ఉండిపోయిన వాళ్లు ఇది చదువుతున్నారు. మీకు థాంక్స్ చెప్పడానికి మెయిల్ చాలదు. శుక్రవారం లోపు ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.

రిటర్న్స్ మాడ్యూల్ రిలీజ్ నా వీడ్కోలు కోసం వాయిదా వేద్దామని ఎవరో అన్నారట. వద్దు. గురువారం అనుకున్నాం, గురువారమే వెళ్లనివ్వండి. టెస్టింగ్‌లో చేయి కావాలంటే చెప్పండి, ఆ రోజు ఖాళీగానే ఉంటాను.