ఆరు ఫోర్క్‌లిఫ్ట్‌లు: ఫైనాన్స్ లీజా, ఆపరేటింగ్ లీజా? భాగస్వాములకు నోట్, షరతుల ముసాయిదాతో

భాగస్వాములందరికీ నమస్కారం.

పాత బండ్లు ఆరూ తీసేసి, వాటి చోట రెండు టన్నుల ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్‌లు లీజుకు తీసుకుందామని అనుకున్నాం. రెండు ఆఫర్లు చేతిలో ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆపరేటింగ్ లీజుకు వెళ్దాం. అయితే బండ్లు ఇచ్చే సంస్థ పంపిన కాగితం మీద సంతకం వద్దు, ఈ నోట్‌లో నేను రాసిన షరతుల మీదే. యాజమాన్యం, మెయింటెనెన్స్, బీమా, తిరిగి అప్పగింత, ఈ నాలుగింటిలో వాళ్లు దిగిరాకపోతే ఫైనాన్స్ లీజే నయం.

లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో బండి ధర 100 అనుకుందాం.

ఫైనాన్స్ లీజు 60 నెలలు, నెలకు 2.10. మొత్తం 126, చివర్లో ఇంకో 1 కడితే బండి మనదే. సర్వీసు, బీమా, బ్యాటరీ అన్నీ మన నెత్తినే. సర్వీసు కాంట్రాక్టుకు నెలకు 0.35 కలిపితే నెల భారం 2.45. బయటికి అద్దె అని పేరున్నా లోపల అప్పే, వడ్డీ ఏడాదికి పది శాతానికి కాస్త తక్కువ పడుతోంది.

ఆపరేటింగ్ లీజు 36 నెలలు, నెలకు 2.00. సర్వీసు అందులోనే. గడువు అయ్యాక బండి వెనక్కి. మొత్తం 72 అని చూడగానే అందరికీ ముచ్చటేస్తుంది. నాకూ వేసింది, గంటల షరతు చదివేదాకా. ఏడాదికి బండికి 2,000 గంటలు దాటితే ప్రతి అదనపు గంటకు అద్దె రేటుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారట. మన పాత బండ్ల మీటర్లు చూశాను. నిరుడు సగటున 2,300 గంటలు తిరిగాయి. ఆ 300 గంటలకు ఏడాదికి 5.4, మూడేళ్లకు 16.2. అంటే 72 కాస్తా 88 దాటుతుంది. 2,400 గంటలకు నెలకు 2.15 అని అడిగితే నోటిమాటగా సరేనన్నారు. అప్పుడు మొత్తం 77.4. కాగితం మీదికి రావాల్సింది ఆ అంకె.

పోయిన మీటింగులో ఒక మాట వచ్చింది: ఆపరేటింగ్ లీజైతే బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా కనపడదని. అది పాతకాలం మాట. మన ఖాతాలు నడిచే అంతర్జాతీయ లీజు లెక్కల ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 16 వచ్చి 2019 జనవరి 1 నుంచి పాత ప్రమాణం ఐఏఎస్ 17 పక్కకు పోయింది. 12 నెలలు మించని లీజులకు, మరీ తక్కువ ఖరీదు వస్తువులకు మినహాయింపు తీసుకోవచ్చు. మిగతావి వాడుకునేవాడి పుస్తకాల్లో ఆస్తిగా, బాకీగా ఎక్కాల్సిందే. ఫైనాన్స్, ఆపరేటింగ్ అనే విభజన ఇప్పుడు లీజుకిచ్చే సంస్థ పుస్తకాలకే మిగిలింది. మనకు వచ్చే తేడా మొత్తంలో ఉంటుంది. 9.5 శాతం వడ్డీతో ఇవాళ్టి విలువ కడితే ఫైనాన్స్ లీజు బాకీ దాదాపు 100. ఆపరేటింగ్‌లో 2.15 నుంచి సర్వీసు భాగం 0.35 విడదీస్తే 56. తరుగుదల కూడా అంతే: చివరికి మనమే కొనేస్తామన్నది ఖాయం కాబట్టి ఫైనాన్స్ బండికి దాని జీవితకాలం ఎనిమిదేళ్ల మీద, ఆపరేటింగ్ బండికి మూడేళ్ల మీద.

ఇంకో చిన్న మాట. ఫైనాన్స్ లీజు 60 నెలలంటే బండి జీవితంలో 62.5 శాతమే కదా, అది ఫైనాన్స్ ఎలా అవుతుందని అడగొచ్చు. కాలం ఒక్కటే కొలబద్ద కాదు. 1 కట్టి సొంతం చేసుకునే హక్కు ఉండటం, కిస్తీల విలువ దాదాపు ధరంతా ఉండటం, ఇవి చాలు. కాగితం పైన ఏ పేరు రాసినా లాభనష్టాలు ఎవరివైపు ఉన్నాయో అదే చూస్తారు.

ఇక అసలు కారణం. మన గోడౌన్ అద్దె ఒప్పందం ఇంకో 40 నెలల్లో అయిపోతుంది. తర్వాత ఇంతే జాగా ఉంటుందో, ఆరు బండ్లు కావాలో నాలుగు చాలో ఎవరం చెప్పలేం. ఫైనాన్స్ లీజులో 36వ నెలలో ఆపేద్దామంటే అప్పటికి బండికి ఇంకా 46 దాకా అసలు మిగిలి ఉంటుంది. మూడేళ్లు తిరిగిన బండి ఆ ధర పలుకుతుందా? పలకొచ్చు, పలకకపోవచ్చు. ఆ టెన్షన్ వాళ్లకే వదిలేయడానికి మనం కట్టే ధరే ఆపరేటింగ్ అద్దె. అదే గోడౌన్ ఇంకో పదేళ్లు మనదని తెలిసుంటే ఈ నోట్ తిరగేసి రాసేవాణ్ణి.

వాళ్ల ముసాయిదాలోని నాలుగు క్లాజుల బదులు ఇవి పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. లెస్సర్ అంటే బండ్లు ఇచ్చే సంస్థ, లెస్సీ అంటే మనం.

7. యాజమాన్యం

7.1 ఆరు ఫోర్క్‌లిఫ్ట్‌లు, బ్యాటరీలు, చార్జర్ల మీద యాజమాన్యం లీజు కాలమంతా, ఆ తర్వాత కూడా లెస్సర్‌దే. లెస్సీకి వాడుకునే హక్కు మాత్రమే ఉంటుంది, కొనే హక్కు గానీ బాధ్యత గానీ ఉండదు.

7.2 చార్జర్లను గోడకు బిగించినా అవి భవనంలో భాగం కావు. గోడౌన్ యజమాని గానీ లెస్సీ అప్పులవాళ్లు గానీ ఈ పరికరాల మీద హక్కు చూపితే లెస్సీ రెండు పనిదినాల్లో లెస్సర్‌కు తెలపాలి.

7.3 లెస్సీ ఈ పరికరాలను అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవారికి అద్దెకివ్వకూడదు.

7.4 లెస్సీ సొంత ఖర్చుతో అమర్చిన కెమెరాలు, హెచ్చరిక లైట్లు లెస్సీవే. బండికి దెబ్బ తగలకుండా గడువులోగా తీసుకోవచ్చు.

7.5 లెస్సీ అద్దె సక్రమంగా కడుతున్నంత కాలం లెస్సర్ గానీ, లెస్సర్‌కు అప్పిచ్చిన బ్యాంకు గానీ వాడకానికి అడ్డుపడకూడదు. లెస్సర్ ఈ ఒప్పందాన్ని మరొకరికి బదలాయించినా ఈ షరతు వాళ్లకూ వర్తిస్తుంది.

(ఫైనాన్స్ లీజుకే వెళ్లాల్సి వస్తే 7.1 బదులు: "చివరి కిస్తీతో పాటు ధరలో 1 శాతం చెల్లించిన రోజునే యాజమాన్యం లెస్సీకి బదిలీ అవుతుంది. 15 రోజుల్లో లెస్సర్ బదిలీ పత్రం, తనఖా ఏమీ లేదన్న లేఖ ఇవ్వాలి." ఆ లేఖ లేకపోతే బండి చేతిలో ఉన్నా అమ్ముకోలేం.)

8. మెయింటెనెన్స్

8.1 రోజువారీ చెకింగ్, శుభ్రత, చార్జింగ్ అయ్యాక బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం లెస్సీ పని. ఇవి షిఫ్టు పుస్తకంలో రాయాలి.

8.2 ప్రతి 500 గంటల సర్వీసు, మామూలుగా అరిగే భాగాలు, టైర్లు, మాస్ట్ చైన్లు, బ్యాటరీ సెల్స్ మార్పు లెస్సర్ ఖర్చు. ఢీకొట్టడం, ఓవర్‌లోడ్, నీళ్లు పోయకుండా బ్యాటరీ వాడటం వల్ల వచ్చిన రిపేర్లు లెస్సీ ఖర్చు.

8.3 ఫిర్యాదు చేసిన 24 గంటల్లో బండి నడవకపోతే లెస్సర్ అదే సామర్థ్యం గల మరో బండి ఇవ్వాలి. ఇవ్వని ప్రతి రోజుకూ నెల అద్దెలో ముప్పయ్యో వంతు తగ్గుతుంది. ఏ పరిస్థితిలోనైనా అద్దె పూర్తిగా కట్టాలన్న మరే షరతూ దీన్ని రద్దు చేయదు.

8.4 గంటల లెక్క ఆరు బండ్లకూ కలిపి మూడేళ్లకు 43,200. ఒక్కో బండికి విడిగా పరిమితి లేదు.

8.3 చివరి వాక్యానికి వాళ్లు గట్టిగా అడ్డు చెప్తారు. ఫైనాన్స్ లీజులో అది దొరకదు కూడా. అక్కడ డబ్బిచ్చేవాడికి బండి బాగోగులతో సంబంధం ఉండదు. మూలన పడ్డా కిస్తీ కట్టాలి, ఫిర్యాదు తయారీదారుతోనే. 1988లో ఒట్టావాలో కుదిరిన అంతర్జాతీయ ఫైనాన్షియల్ లీజింగ్ ఒడంబడిక కూడా ఈ దారినే నడిచింది: సరఫరాదారు బాధ్యతలు నేరుగా వాడుకునేవాడికీ వర్తిస్తాయని రాసింది. ఆపరేటింగ్ లీజులో సర్వీసు డబ్బు లెస్సర్‌కే కడుతున్నప్పుడు అదే షరతు ఇక్కడా మోయమనడం న్యాయం కాదు.

9. బీమా, నష్టం

9.1 బండ్ల నష్టానికి, దొంగతనానికి, అగ్నిప్రమాదానికి బీమా లెస్సర్ తీసుకుంటాడు. ప్రీమియం అద్దెలో కలిసే ఉంది. లెస్సీ పేరు కూడా పాలసీలో ఉండాలి, బీమా సంస్థ నష్టపరిహారం కోసం లెస్సీ మీదికి రాకూడదు.

9.2 బండి వల్ల మనుషులకు, ఇతరుల ఆస్తికి జరిగే నష్టానికి బీమా లెస్సీ తీసుకోవాలి.

9.3 బండి బాగుచేయలేనంతగా పాడైతే ఆ రోజు నుంచే దాని అద్దె ఆగిపోతుంది. నష్టం విలువ: మొదటి ఏడాది ధరలో 85 శాతం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 55. బీమా సొమ్ము అందులోంచి తగ్గించాలి. లెస్సీ నిర్లక్ష్యం వల్ల జరిగితేనే మిగతాది లెస్సీ కట్టాలి. మిగిలిన నెలల అద్దెను నష్టంగా అడగకూడదు.

10. తిరిగి అప్పగింత

దీని మీద ఎక్కువ రాయడానికి కారణం మీకు గుర్తుండే ఉంటుంది. కిందటిసారి బండ్లు వెనక్కిచ్చాక రెండు వారాలకు గీతలు, సొట్టల ఫొటోలతో బిల్లు వచ్చింది. అందులో సగం బండి వచ్చిన రోజే ఉన్నవి. మన దగ్గర ఒక్క ఫొటో లేదు. నోరు మూసుకుని కట్టాం. తప్పు నాది కూడా, తీసుకున్న రోజు సంతకం పెట్టింది నేనే.

10.1 అప్పగించిన రోజున ఉభయుల సమక్షంలో ప్రతి బండికీ నాలుగు వైపులా, ఫోర్కులు, టైర్లు, మీటర్ రీడింగ్ ఫొటోలు తీసి ఇద్దరూ సంతకం చేయాలి. తిరిగి ఇచ్చే రోజు పోలిక వాటితోనే.

10.2 గడువుకు 45 రోజుల ముందు లెస్సర్ ఉచితంగా తనిఖీ చేసి లోపాల జాబితా ఇవ్వాలి. వాటిని లెస్సీ తనకు నచ్చిన అర్హత గల వర్క్‌షాపులో చేయించుకోవచ్చు. తనిఖీ తర్వాత జరిగిన నష్టం తప్ప, జాబితాలో లేనిది తర్వాత అడగకూడదు.

10.3 బండి నడిచి, నిర్ణీత లోడ్ ఎత్తగలగాలి. ఫోర్కు మడిమ దగ్గర మందం కొత్తదాని మందంలో 90 శాతానికి తగ్గకూడదు. రంగు వెలవడం, లోహం బయటపడని గీతలు, 20 మిల్లీమీటర్ల లోతు లోపలి సొట్టలు, సీటు అరుగుదల మామూలు వాడకంగానే లెక్క.

10.4 బ్యాటరీ సామర్థ్యం 80 శాతం కంటే తగ్గినా, షిఫ్టు పుస్తకం సక్రమంగా ఉంటే లెస్సీ బాధ్యత లేదు.

10.5 లోపానికి లెస్సీ కట్టేది రిపేరు అసలు ఖర్చు, బండి విలువలో తగ్గుదల, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. ఒక్కో బండికి మూడు నెలల అద్దె మించకూడదు.

10.6 రవాణా ఖర్చు లెస్సర్‌ది. అప్పగించడం ఆలస్యమైతే రోజువారీ అద్దె మాత్రమే, లీజు దానంతటదే పొడిగింపు కాదు.

10.6 గురించి ఒక్క ముక్క: వాళ్ల ముసాయిదా 14వ పేజీలో, 90 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే ఇంకో 12 నెలలు ఆటోమేటిక్‌గా సాగుతుందని ఉంది. ఆ వాక్యం కొట్టేయించందే ఏ కాగితం మీదా సంతకం పెట్టను. 10.5లోని మూడు నెలలు నాలుగు దాకా వదలొచ్చు, 8.3లో 24 గంటలు 48 దాకా. మిగతావాటిలో బేరం వద్దు. మీ అభ్యంతరాలు శుక్రవారంలోగా చెప్తే సోమవారం వాళ్లకు పంపుతాను.

అకౌంట్స్ విభాగం నుంచి