పాత అడ్మిషన్ రిజిస్టర్ల ఎత్తిరాత గురించి వివరణ

దర్శి,
12 డిసెంబరు 2024

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,
ఒంగోలు, ప్రకాశం జిల్లా.

అయ్యా,

విషయం: 1938 నుంచి 1971 వరకు ఉన్న అడ్మిషన్ రిజిస్టర్లను విద్యార్థులు ఎత్తిరాసిన విధానం గురించి.

పిల్లల చేత ఈ పని ఎలా చేయించారో తెలపమని మీ కార్యాలయం అడిగింది. ఆ వివరాలు మనవి చేసుకుంటున్నాను.

మా మూడు రిజిస్టర్లలో మొదటిదానికి అంచులన్నీ చెదలు పట్టాయి. పుట్టినతేదీ కోసం ఎవరు వచ్చినా దాన్నే తిరగేయాలి, తిప్పినప్పుడల్లా ఓ ముక్క రాలుతుంది. అందుకే ఎత్తిరాయించాను. అసలు పుస్తకం పిల్లల చేతికి ఇవ్వలేదు. ఫోన్‌తో ఫొటోలు తీసి, కులం, పుట్టుమచ్చల గడులు కనపడకుండా మూసి ప్రింట్లు ఇచ్చాను. ఆ గడులు నేనే రాశాను.

ఎనిమిదో తరగతి పిల్లలు 22 మంది జతలుగా కూర్చున్నారు. ఒకరు చదివితే ఒకరు రాశారు, తర్వాత మరో జత సరిచూసింది. తప్పు రాస్తామేమోనని మొదట్లో బాగా టెన్షన్ పడ్డారు. వాళ్లకు ఒక్కటే చెప్పాను: ఉన్నది ఉన్నట్టే రాయండి, సరిదిద్దవద్దు. అందుకే దర్శి అప్పట్లో ఏ జిల్లాలో ఉండేదో అదే, ‘నెల్లూరు జిల్లా’ అనే రాశారు. అరసున్నలు, బండి ఱలు కూడా తీసేయలేదు.

అన్నిటికంటే కష్టపెట్టినవి తెలుగు అంకెలు. ౨, ౩ ఒకదానిలా ఒకటి కనిపించాయి, ౬, ౭ కూడా అంతే. ముందు వారం రోజులు అంకెలే నేర్పాను. అడ్మిషన్ నంబరు వరుసను బట్టి కొన్ని తేలాయి. తేలని 41 చోట్ల ప్రశ్నార్థకం పెట్టాం, ఊహించి రాయలేదు. చాలామందికి పుట్టినతేదీ జులై 1 అని ఉంది. అది అంచనాగా వేసిన తేదీ అనిపించినా మేం ముట్టుకోలేదు.

‘బడి మానిన కారణం’ గడి దగ్గర పిల్లలు ఆగిపోయారు. ఒక అమ్మాయికి తన జేజమ్మ పేరు దొరికింది. మూడో తరగతి, కారణం ‘వివాహము’. ఆ రోజు తను ఇంకో పేజీ రాయనంది, నేనూ బలవంతపెట్టలేదు. మర్నాడు తనే వచ్చి మిగతాది పూర్తి చేసింది.

ఈ ప్రతిని పేరు ఏ పేజీలో ఉందో వెతుక్కోవడానికే వాడతాం. సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు అసలు రిజిస్టరే చూస్తాం. కాబట్టి కొత్త ప్రతి ఉందని పాతవాటిని తీసివేయమని చెప్పవద్దని ప్రార్థన. వాటికి ఒక ఇనుప బీరువా మంజూరు చేయించగలరు. ఆ 41 చోట్లను పాత రాత చదవగల సిబ్బంది ఎవరైనా ఒకసారి వచ్చి చూస్తే మేలు.

ఇట్లు,
తమ విధేయురాలు,
తెలుగు ఉపాధ్యాయురాలు,
మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల,
దర్శి మండలం.

జత: సందేహం ఉన్న 41 నమోదుల పట్టిక