జీతం కోత ఫిర్యాదు: స్క్రీన్‌షాట్ల నుంచి తీసిన తేదీల క్రమం, దొరకని భాగాలు, పొసగని చోట్లు

హన్మకొండ, 18 మార్చి 2024
ఫిర్యాదు రాస్తున్న వకీలు గారికి

విషయం: గృహోపకరణాల షోరూంలో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగిని, మేడారం జాతర సెలవు, ఫిబ్రవరి జీతంలో 4,800 రూపాయల కోత.

మొత్తం 12 చిత్రాలు చూశాం. తొమ్మిది (1, 2, 3, 6, 7, 9, 10, 11, 12) ఆమె ఫోన్‌లోవి. 4వది తోటి ఉద్యోగి పంపినది. 5, 8 కంపెనీ మెమోకు జతచేసిన ప్రింట్లు. తెర మీద కనిపించిన మాటనే కొటేషన్లలో పెట్టాం. ఆమె నోటితో చెప్పినదానికి ముందు "ఆమె మాట" అని రాశాం. ఈ రెండూ ఫిర్యాదులో కలవకూడదు.

తేదీల క్రమం

12 ఫిబ్రవరి, సోమ, 10:42 (చి.1, మేనేజర్‌తో విడి చాట్): "సార్ జాతరకు పోతున్నం, 21 నుండి 24 దాకా లీవ్ కావాలె." 13:15కు జవాబు: "సరే. ఫామ్ రాసి కౌంటర్ల పెట్టు."

15 ఫిబ్రవరి, గురు, 11:20 (చి.2): నింపిన ఫామ్ ఫొటో పంపారు. నీలం టిక్కులున్నాయి, జవాబు లేదు. ఫామ్ మీద మేనేజర్ సంతకం లేదు.

17 ఫిబ్రవరి, శని, 20:36 (చి.3, స్టాఫ్ గ్రూపు): 19–25 వారం డ్యూటీ చార్టు. పెద్దది చేసి చూస్తే ఆమె వరుసలో 21 కింద వారపు సెలవుకు గుర్తుగా "WO", 22, 23, 24 కింద లీవుకు గుర్తుగా "L" అని చదవవచ్చు. చార్టు పెట్టింది మేనేజరే. మొత్తం కట్టలో అన్నిటికన్నా గట్టి కాగితం ఇదే. ఫిర్యాదు డ్రాఫ్టులో దీని ప్రస్తావనే లేదు.

19 ఫిబ్రవరి, సోమ, 21:08 (చి.4, చి.5, గ్రూపు): జాతర వారం లీవులు లేవన్న మేనేజర్ మెసేజ్. రెండు చిత్రాల్లో రెండు రకాలుగా ఉంది, వివరం కింద.

20 ఫిబ్రవరి, మంగళ, 10:30 (చి.6, విడి చాట్): ఆమె: "సార్ నా లీవ్ ఉన్నది కదా." 10:47: "This message was deleted". ఆ తర్వాత ఏమీ లేదు.

22 ఫిబ్రవరి, గురు, 18:20, 18:22 (చి.7): మేనేజర్ నుంచి రెండు మిస్డ్ కాల్స్. 19:31 (చి.8): ఆమె గ్రూపులో గద్దెల దగ్గరి ఫొటో పెట్టారు.

25 ఫిబ్రవరి, ఆది, 10:05 (చి.9): మేనేజర్: "ఇయ్యాల రావద్దు. హెచ్‌ఆర్ తోని మాట్లాడినంక చూద్దం."

26 ఫిబ్రవరి, సోమ, 12:14 (చి.10): హెచ్‌ఆర్: "విచారణ అయ్యే వరకు ఆగండి."

28 ఫిబ్రవరి, బుధ, 17:50 (చి.11): హెచ్‌ఆర్: "రేపటి నుంచి డ్యూటీకి రండి." 29న చేరారు (ఆమె మాట. హాజరు ప్రతి మన దగ్గర లేదు).

2 మార్చి, శని: కంపెనీ మెమో. "21 నుంచి 28 వరకు అనుమతి లేకుండా గైర్హాజరు."

7 మార్చి, గురు (చి.12): జీతం స్లిప్. జీతం 17,400, కోత 8 రోజులు, 4,800.

19 ఫిబ్రవరి మెసేజ్

చి.4లో ఉన్నది: "జాతర వారం ఎవ్వరికీ కొత్తగా లీవ్ లేదు." కంపెనీ ప్రింటులో (చి.5) దాని వెనకాలే "ఇచ్చినయి కూడా క్యాన్సిల్" అని ఉంది, పక్కన "Edited" గుర్తు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపే మార్చగలరు. మార్చినా పాత టైమే కనిపిస్తుంది, చదివేవాళ్లకు కొత్త నోటిఫికేషన్ రాదు. చి.4 పైన ఫోన్ గడియారం 9:11 చూపుతోంది, తేదీ పట్టీలో "Today" ఉంది. రాత్రి 9:08కి వచ్చిన మెసేజ్ ఆ రోజు పొద్దున 9:11కి తెర మీద ఉండదు కాబట్టి అది రాత్రి 9:11. అంటే ఆ రెండో మాట 9:11 తర్వాత, 9:23 లోపు చేరింది. "19ననే రాతపూర్వకంగా రద్దు చేశాం" అన్న మెమో వాదనకు ఇక్కడే పగులు పడుతుంది.

ఇందులో ఒక బలహీనత ఉంది. చి.4 ఫైలు పేరు `IMG-20240303-WA0011.jpg`. అది మార్చి 3న వాట్సాప్‌లో అందిన తేదీయే, స్క్రీన్‌షాట్ తీసిన తేదీ కాదు. "Today" అంటే 19 అని చెప్పడానికి చి.5లోని తేదీయే ఆధారం. తోటి ఉద్యోగి ఫోన్‌లోని అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమనాలి, అప్పుడు పేరు మారదు.

మన డ్రాఫ్టుకే అడ్డం వచ్చేవి

పేరా 3లో "రద్దు సంగతి నాకు అసలు తెలియదు" అని ఉంది. మరి 20న పొద్దున్నే "నా లీవ్ ఉన్నది కదా" అని ఎందుకు అడిగారని అవతలివాళ్లు మొదటి ప్రశ్నే వేస్తారు. మార్చకముందు మెసేజ్ చూసి అడిగి ఉండొచ్చు, కానీ అది ఆమె చెప్పాలి, మనం అందించకూడదు. ఆమె గ్రూపు చాట్‌ను మార్చి 8న డిలీట్ చేశారు, కాబట్టి ఏం చూశారో ఆ ఫోన్‌లో తేలదు.

10:47 మెసేజ్‌లో "పోయిరా, 25న డ్యూటీ ఎక్కు" అని ఉందనేది ఆమె మాట. డ్రాఫ్టులో దాన్ని కొటేషన్లలో పెట్టారు, తీసేయాలి. "జవాబు వచ్చింది, తర్వాత పంపినవారే తొలగించారు" అన్నంత వరకే రాయాలి. చార్టులో "L" ఉండగా చెరిగిపోయిన మాట మీద ఆధారపడే అవసరం లేదు.

పేరా 4లో "మూడు రోజులూ సిగ్నల్ లేదు" అని ఉంది. 22న కాల్స్ వచ్చిన గంటకే ఫొటో పోస్టయింది. ఆ వాక్యం ఉంటే మిగతా ఫిర్యాదు మీద కూడా అనుమానం పడుతుంది.

డ్యూటీకి రావద్దన్నది 26న అని రాశారు. చి.9లో తేదీ పట్టీ "Yesterday", ఫైలు పేరు `Screenshot_20240226-081956.png`. అంటే మెసేజ్ 25వ తేదీది.

కోత "4 రోజులు, 2,400" అని రాశారు. స్లిప్ ప్రకారం 8 రోజులు. 17,400ను 29తో భాగిస్తే రోజుకు 600, ఎనిమిది రోజులకు 4,800, లెక్క సరిపోయింది. వాటిని ఇలా విడగొట్టి రాయండి: 21, 28 వారపు సెలవులు (1,200). 22, 23, 24 చార్టులో లీవ్ అని ఉన్నవి (1,800). 25, 26, 27 కంపెనీయే రావద్దన్నవి (1,800). వేతనాల చెల్లింపు చట్టం 1936, సెక్షన్ 9 గైర్హాజరుకే కోత ఒప్పుకుంటుంది. రావద్దని చెప్పిన రోజును గైర్హాజరు అనడం కుదరదని వాదించడానికి చి.9, చి.10 చాలు. 22–24 లీవ్ జీతంతో కూడినదా కాదా అన్నది మాత్రం ఏ చిత్రంలోనూ లేదు, నియామక పత్రం చూడాలి. 28 వారపు సెలవన్నది కూడా, 21 లాగే బుధవారం కాబట్టి, మనం అనుకున్నదే. ఆ వారం చార్టు దొరకలేదు.

దొరకనివి, తెప్పించాల్సినవి

చి.1, చి.6, చి.9లో పైన "Sir Store" అని మాత్రమే కనిపిస్తుంది. ఆ పేరు ఆమె ఫోన్‌లో ఆమె పెట్టుకున్నది. కాంటాక్ట్ తెరిచి నంబరు కనిపించేలా ఇంకో స్క్రీన్‌షాట్ కావాలి.

చి.10 పైభాగం కత్తిరించారు, ఆమె ఏం అడిగితే ఆ జవాబు వచ్చిందో తెలియదు. చి.10కీ చి.11కీ మధ్య రెండు రోజుల చాట్ కూడా లేదు. మేనేజర్‌తో, హెచ్‌ఆర్‌తో ఉన్న చాట్లను ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఇకపై తీసే ప్రతి స్క్రీన్‌షాట్‌లో ముందుదాని చివరి రెండు మెసేజ్‌లు కనిపించాలి, మధ్యలో ఏదో దాచారన్న మాట రాదు.

కంపెనీని అడగాల్సినవి: 26 ఫిబ్రవరి–3 మార్చి చార్టు, ఫిబ్రవరి హాజరు పట్టిక, మేనేజర్ ఫోన్‌లో 19 నాటి మెసేజ్ "Message info" తెర. ఆమె దాన్ని చదివారా, ఎప్పుడు చదివారన్నది అక్కడ కనిపిస్తుంది. అది మనకు ఎదురు తిరగొచ్చు కూడా, కాబట్టి అడిగే ముందు పేరా 3 గురించి ఆమెతో తేల్చుకోండి.

ఫోన్ మార్చవద్దని, ఫార్మాట్ చేయవద్దని ఆమెకు చెప్పాం. 65బి సర్టిఫికెట్ కోసం ఫోన్ మోడల్, ఐఎంఈఐ నంబరు రాసిపెట్టాం. కౌంటర్‌లో పెట్టిన లీవ్ ఫామ్ అసలు ప్రతి ఎక్కడుందో ఆమెకూ తెలియదు.