2,700 తేడా

పొదుపు సంఘం మహాజన సభ ఎల్లుండి. ఫ్యాను గాలికి పేజీలు ఎగరకుండా స్టాంపు ప్యాడ్ బరువు పెట్టి, సభ్యుల లెడ్జర్‌ను సరళ మూడోసారి కూడింది. పొదుపు మొత్తం 11,83,700. జనరల్ లెడ్జర్‌లో చూస్తే 11,86,400.

నగదు, బ్యాంకు నిల్వ క్యాష్ బుక్‌తో రూపాయి తేడా లేకుండా సరిపోయాయి. డబ్బు ఎటూ పోలేదు. అందులో 2,700 మాత్రం ఎవరి పేరు మీదా లేదు.

“సస్పెన్స్ ఖాతాల పెట్టి తీసుకరా సరళా, ఆడిటర్ చూసుకుంటడు” అంది ఫోన్లో అధ్యక్షురాలు.

“ఒక్క రాత్రి ఆగు అక్కా. ఎవరివో పైసలు గివి.”

2,700 తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. అట్లా పోయిందంటే ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారయ్యాయేమో వెతకమని శిక్షణలో చెప్పారు. ఏప్రిల్‌లో కొత్త లెడ్జర్ మొదలుపెట్టింది తనే. పాత పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో పేరుకూ టిక్కు పెడుతూ పోయింది. 212 మందికీ సరిపోయింది. ఇక మిగిలినవి ఈ ఏడాది ఖాతా మూసుకుని వెళ్లిన వాళ్ల పేజీలు, ఎర్ర గీత కొట్టినవి.

నర్సవ్వ. పాత లెడ్జర్‌లో 7,400. కొత్తదాంట్లో 4,700. ఆ ఏడు నడుమ చిన్న అడ్డగీత ఉంది. ఏడును అట్లా రాసే అలవాటు సంఘంలో సరళ ఒక్కదానికే.

ఆషాఢంలో ముసలాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు వచ్చింది నర్సవ్వ. “గింతేనా బిడ్డా? ఇంకా ఉంటయనుకున్న” అని అడిగింది. “పుస్తకంల అంతే ఉంది అవ్వా” అంది సరళ, తల ఎత్తకుండా. నర్సవ్వ వేలిముద్ర వేసి, సిరా తలకు రాసుకుని వెళ్లిపోయింది. అప్పుడు తీసుకున్న పాస్‌బుక్ ఇంకా కట్టలోనే ఉంది. అందులోనూ 7,400. ఆ రోజు దాన్ని విప్పి చూసింది లేదు.

పొద్దున్నే అధ్యక్షురాలు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసింది. వోచర్ మీద సంతకం చేసి, “సభల నేను చెప్తా” అంది.

“లేదక్కా, నేనే చెప్తా.”

నర్సవ్వ వాకిట్లో బీడీలు చుడుతోంది. సరళ చేట పక్కనే కింద కూర్చుంది.

“అవ్వా, నీ లెక్క నేను తప్పు రాసిన. ఇంకో 2,700 నీవే. నువ్వు అడిగిననాడు చూడలే.”

నర్సవ్వ చేతిలో ఆకు ఆగింది.

“ఆనాడు పైసలు సాలక మెడల గుండ్లు అమ్మిన బిడ్డా.”

సరళకు మాట రాలేదు. కాసేపటికి పాస్‌బుక్ విప్పి, మొదటి వరుస నుంచి, నెలనెలా కట్టింది ఎంతో తేదీతో సహా చదివి వినిపించసాగింది. నర్సవ్వ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నది. చివరి వరుస అయ్యాకే సరళ స్టాంపు ప్యాడ్ మూత తీసింది.