ఖమ్మం టీ కేఫ్ ఫ్రాంచైజీ: 46 పేజీల అగ్రిమెంట్‌లో అసలు ఏముంది

బాబాయ్, డ్రాఫ్ట్ మొత్తం రెండుసార్లు చదివాను. మీకు కావాల్సిన నాలుగు విషయాలు, అంటే డబ్బులు, ఏరియా, టార్గెట్లు, బయటికి రావడం, కింద రాశాను. క్లాజ్ నంబర్లు పక్కనే పెట్టాను, కంపెనీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ పేజీ తీసి చూపించండి. ముందే ఒక మాట: ఈ డ్రాఫ్ట్‌ని ఇలాగే సంతకం చేయొద్దు, మార్చాల్సినవి ఉన్నాయి. అప్పటిదాకా 50,000 టోకెన్ కూడా కట్టొద్దు, క్లాజ్ 3.1 ప్రకారం ఆ డబ్బు ఏ కారణానికీ వెనక్కి రాదు.

డబ్బులు

ఫ్రాంచైజీ ఫీజు 6 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 7,08,000. టోకెన్ ఇందులోనే సర్దుతారు. షాపు తెరవకపోయినా ఈ ఫీజు వెనక్కి ఇవ్వరు (4.2). డిపాజిట్ 2 లక్షలు, వడ్డీ లేదు. ఇంటీరియర్, మెషీన్లు కంపెనీ చెప్పిన వెండర్ దగ్గరే చేయించాలి. బ్రోషర్‌లో 14 లక్షలు అని ఉంది కదా, అగ్రిమెంట్‌లో మాత్రం అది "అంచనా మాత్రమే", పైన ఎంతయినా మీదే.

నెలనెలా అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ, 2 శాతం మార్కెటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి 3,000. నెలకి నాలుగున్నర లక్షల అమ్మకం ఉంటే రాయల్టీ 27,000, మార్కెటింగ్ 9,000, ఈ 36,000 మీద జీఎస్టీ 6,480, వెరసి 42,480. కేఫ్ కాబట్టి మీరు కస్టమర్ దగ్గర 5 శాతం జీఎస్టీయే వసూలు చేస్తారు, ఆ స్కీమ్‌లో ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. అంటే ఆ 6,480 ఎక్కడా వెనక్కి రాదు, అది కూడా ఖర్చే. మీరు పంపిన ఎక్సెల్ షీట్‌లో ఇది లేదు, ఫ్రాంచైజీ ఫీజు మీద కట్టే 1,08,000 కూడా లేదు. రెండూ కలిపి మళ్లీ లెక్కేయండి.

"అమ్మకం" అంటే ఏంటో క్లాజ్ 1.9లో రాశారు, అక్కడ జాగ్రత్త. ఫుడ్ యాప్ ఆర్డర్లకి కమిషన్, డిస్కౌంట్ పోకముందు ఉన్న మెనూ ధరనే అమ్మకంగా తీసుకుంటారు. యాప్‌లో 200 రూపాయల ఆర్డర్ వచ్చి వాళ్లు 50 పట్టుకుంటే మీ చేతికి వచ్చేది 150, కానీ కంపెనీకి 200 మీద 8 శాతం, అంటే 16 రూపాయలు ఇవ్వాలి. మీకు నిజంగా జమ అయిన మొత్తం మీదే లెక్కించమని అడగండి, ఇది న్యాయమైన కోరికే.

ఇంకా: టీ పొడి, సిరప్‌లు, కప్పులు కంపెనీ దగ్గరే కొనాలి, నెలకి కనీసం 90,000 రూపాయల సరుకు (8.3), ధర ఎప్పుడు పెంచినా వారం ముందు చెబితే చాలు. ఏడాదికి ఇంత శాతం దాటకూడదని ఒక లైన్ చేర్చమనండి. కట్టాల్సినవి ఆలస్యమైతే నెలకి 2 శాతం వడ్డీ.

ఏరియా

కాగితం మీద వైరా రోడ్ షాపు చుట్టూ 2 కిలోమీటర్లు మీ ఒక్కరికే. కానీ మినహాయింపులు (5.4) చదివితే మిగిలేది తక్కువ. బస్టాండ్, రైల్వే స్టేషన్, మాల్స్, హాస్పిటళ్లు, కాలేజీ క్యాంపస్‌లు, పెట్రోల్ బంకులు, ఆన్‌లైన్ డెలివరీ కిచెన్‌లు ఏవీ మీ హక్కు కిందికి రావు. అంటే మీ పక్క వీధిలోనే ఇదే పేరుతో డెలివరీ కిచెన్ పెట్టినా మీరు ఆపలేరు. పైగా క్లాజ్ 5.6 ప్రకారం టార్గెట్ తప్పితే ఆ 2 కిలోమీటర్ల హక్కు కూడా పోతుంది, రాయల్టీ మాత్రం తగ్గదు. కనీసం డెలివరీ కిచెన్‌ని, మీ 2 కిలోమీటర్లలో ఉన్న హాస్పిటళ్లని, కాలేజీలని మినహాయింపుల నుంచి తీయించండి. వాటికి ఒప్పుకోకపోతే, అక్కడ షాపు పెట్టే ముందు మొదట మిమ్మల్నే అడగాలని రాయించండి.

టార్గెట్లు

మొదటి 6 నెలలు లేవు. 7వ నెల నుంచి 12వ నెల దాకా నెలకి 3.5 లక్షలు, రెండో ఏడాది 5 లక్షలు, ఆ తర్వాత ఏటా 10 శాతం పెరుగుదల. సగటు బిల్లు 60 రూపాయలు అనుకుంటే రెండో ఏడాది రోజుకి దాదాపు 278 బిల్లులు, ఐదో ఏడాదికి 370 కొట్టాలి. వరుసగా 3 నెలలు గానీ, 12 నెలల్లో ఏవైనా 5 నెలలు గానీ తప్పితే నోటీసు. ఏప్రిల్, మే నెలల్లో ఖమ్మం ఎండలకి మధ్యాహ్నం టీ ఎవరు తాగుతారు? కాబట్టి నెలవారీ కాకుండా మూడు నెలల సగటు చూడమనండి.

దీనికి తోడు మినిమమ్ గ్యారంటీ (7.5). 4వ నెల నుంచి అమ్మకం ఎంత ఉన్నా రాయల్టీ నెలకి 25,000కి తగ్గకూడదు. 4.17 లక్షల అమ్మకం దాటితేనే మీరు నిజంగా 6 శాతం కడుతున్నట్టు, 3 లక్షలే అయితే అది 8.3 శాతం అవుతుంది. చూడండి, ఏడో నెల టార్గెట్ 3.5 లక్షలు, దాన్ని అందుకున్నా మీరు కట్టేది 7 శాతం పైనే. మొత్తం అగ్రిమెంట్‌లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. మొదటి ఏడాది వద్దని గట్టిగా అడగండి.

బయటికి రావడం

కాలం 5 ఏళ్లు. రెన్యువల్‌కి అప్పటి ఫీజులో సగం కట్టాలి. మీకు 36 నెలల లాక్-ఇన్, అంటే అప్పటిదాకా మధ్యలో వదిలేయడానికి వీల్లేదు, కంపెనీకి ఆ షరతు లేదు. వాళ్లు మామూలు తప్పులకి 30 రోజులు సరిదిద్దుకునే గడువిస్తారు. బయటి టీ పొడి వాడినా, అమ్మకాలు దాచినట్టు ఆడిట్‌లో 3 శాతం తేడా వచ్చినా గడువు లేకుండా వెంటనే రద్దు. 3 శాతం తేడా బిల్లింగ్ పొరపాటుతో కూడా రావచ్చు, "ఉద్దేశపూర్వకంగా" అనే మాట చేర్పించండి.

మీరే 18వ నెల చివర్లో మూసేస్తే మిగిలిన 18 నెలల గ్యారంటీ, అంటే 4.5 లక్షలు కట్టాలి, డిపాజిట్ 2 లక్షలు పోతుంది (16.4). కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 కింద కోర్టు సబబైన పరిహారమే ఇప్పిస్తుంది, రాసినంతా ఇవ్వాలనేం లేదు. కానీ వివాదం కోర్టుకి కాకుండా బెంగళూరులో ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తి తీర్పుకి వెళ్తుంది, ఆర్బిట్రేటర్‌ని కంపెనీ ఒక్కటే నియమిస్తుందట. అలా ఒకే పక్షం నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. ఆర్బిట్రేటర్ నియామకం ఇద్దరి సమ్మతితో, స్థలం హైదరాబాద్ అని మార్పించండి.

మూసేశాక 2 ఏళ్లు, 10 కిలోమీటర్లలో టీ వ్యాపారం చేయకూడదని ఉంది. అగ్రిమెంట్ నడుస్తున్నప్పుడు ఇలాంటి షరతు చెల్లుతుంది, ముగిశాక సెక్షన్ 27 ప్రకారం సాధారణంగా చెల్లదు. కానీ వాళ్ల పేరు, రెసిపీలు మాత్రం వాడకూడదు.

చివరి పేజీల్లో మీకూ పిన్నికీ కలిపి పర్సనల్ గ్యారంటీ ఉంది (అనుబంధం సి), అంటే బాకీ పడితే మీ సొంత ఆస్తుల నుంచి కూడా వసూలు చేయొచ్చు. పిన్ని సంతకం అస్సలు వద్దు. ఈ ఒక్కదాంట్లో తగ్గకండి, ఇల్లు ఆవిడ పేరు మీద ఉంది.

మన దేశంలో ఫ్రాంచైజీలకి ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో అయితే సంతకానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన వివరాలన్నీ ఇవ్వాలి, ఇక్కడ మనం అడిగి తెచ్చుకోవాలి. ఇప్పటికే నడుస్తున్న షాపుల అమ్మకాలు, రెండేళ్లలో మూతపడినవి ఎన్ని, ఎందుకు, ఇవి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. షాపు ఓనర్‌తో అద్దె అగ్రిమెంట్ కూడా ఇది తేలాకే చేసుకోండి, ఆయన అడిగిన లాక్-ఇన్ 3 ఏళ్లు దాటకుండా చూడండి. జవాబు రాగానే నాకు పంపండి, మార్పుల డ్రాఫ్ట్ నేనే రాసిస్తాను.