రికవరీ ట్రయల్, డెక్సామెథసోన్ ఆర్మ్: జర్నల్ క్లబ్ ప్రజెంటేషన్

అందరికీ నమస్కారం. ఇవాళ్టి పేపర్ 2020 జూలైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన రికవరీ ట్రయల్. డెక్సామెథసోన్ పనిచేసిందా అంటే అందరం చెప్తాం. ఎవరికి ఇవ్వకూడదు అంటే మాత్రం నసుగుతాం. అందుకే దీన్ని తీసుకున్నాను.

డిజైన్

యూకే ఆసుపత్రుల్లో చేరిన కోవిడ్ రోగులు. 2104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా 10 రోజులు. 4321 మందికి మామూలు చికిత్స. ప్రధాన ఫలితం 28 రోజుల్లో మరణం: 22.9 శాతం, 25.7 శాతం.

బయాస్

ఇది ఓపెన్ లేబుల్, ప్లాసిబో లేదు. మనలో చాలామంది మొదట పట్టుకునేది ఇదే. కానీ కొలిచింది మరణం. ఎవరికి ఏ మందు పడిందో తెలిసినంత మాత్రాన ఆ లెక్క మారదు. ఎవరు ఏ ఆర్మ్‌లోకి వెళ్తారో ముందే తెలియకుండా వెబ్ ద్వారా కేటాయించారు కాబట్టి ఆ వైపూ నాకు అనుమానం లేదు.

నన్ను ఆపింది వేరే చోట. రాండమైజేషన్‌లో స్ట్రాటిఫికేషన్ లేదు. దాంతో డెక్సామెథసోన్ గ్రూపు సగటు వయసు 1.1 ఏళ్లు ఎక్కువగా వచ్చింది. రచయితలు వయసుకు సర్దుబాటు చేశారు, రేట్ రేషియో 0.83. ఆ సర్దుబాటు విశ్లేషణ ప్రణాళిక మొదటి వెర్షన్‌లో లేదు, తేడా కనిపించాక చేర్చారు. వాళ్లే ఒప్పుకున్నారు. పైగా పెద్ద వయసువాళ్లు మందు వైపే ఎక్కువ, అంటే ఆ తేడా మందుకు వ్యతిరేకంగానే పనిచేసింది. కాబట్టి దీన్ని లోపం అంటాను, మోసం అనను. మామూలు చికిత్స గ్రూపులో 8 శాతం మందికి కూడా డెక్సామెథసోన్ పడింది, అదీ ప్రభావాన్ని తగ్గించే చూపిస్తుంది.

సబ్‌గ్రూపులు

ఈ స్లైడ్ కాస్త నెమ్మదిగా చూద్దాం. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 29.3, మామూలు చికిత్సలో 41.4. వయసు సర్దుబాటు లేకుండా తీసేస్తే తేడా 12.1, అంటే సుమారు 8 మందికి ఇస్తే ఒకరు బతుకుతారు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 23.3, 26.2. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో లెక్క తిరగబడింది: 17.8, 14.0. రేట్ రేషియో 1.19, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.92 నుంచి 1.55. హాని రుజువైందని అనలేం, లాభం ఉందని అంతకన్నా అనలేం. ఈ విభజన ముందే రాసుకున్నది కాబట్టి నమ్ముతాను.

మన రోగికి పనికొస్తుందా

మందు వద్దనో, తప్పనిసరనో చికిత్స చేసే డాక్టర్ అనుకుంటే ఆ రోగిని చేర్చలేదు. షుగర్ అదుపులో లేనివాళ్లు ఎంతమంది అలా బయటే ఉండిపోయారో ఈ అంకెల్లో కనపడదు. అప్పటికి టీకాలూ లేవు. స్ట్రాంజిలాయిడ్స్ ఉండే ప్రాంతాల రోగులకు స్టెరాయిడ్ ఇచ్చేముందు ఆ సంగతి విడిగా ఆలోచించాల్సిందే.

ఇంకొకటి. ఈ ట్రయల్‌లో 'ఆక్సిజన్ మీద' అంటే ఆక్సిజన్ పెట్టారు అని మాత్రమే, ఇంత సాచురేషన్ కిందకు పడితేనే అని కాదు. 94 ఉన్న రోగికి ఒక వార్డులో పెడతారు, పక్క వార్డులో పెట్టరు. మేడమ్ నిన్న రౌండ్స్‌లో అడిగింది ఇదే. చర్చ అక్కణ్ణుంచే మొదలుపెడదాం.