ఈక్విటీ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు

భీమవరం,
10 నవంబర్ 2025

రీసెర్చ్ హెడ్ గారికి,

నమస్కారం. దరఖాస్తు తెలుగులోనే పంపమని మీ ప్రకటనలో అడిగారు కాబట్టి ఇలా రాస్తున్నాను. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం నుంచి ఈ ఏడాదే బీకాం పూర్తి చేశాను. సీజీపీఏ 8.1. ఎన్ఐఎస్ఎం రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష సెప్టెంబర్‌లో పాసయ్యాను. మిగతా వివరాలు రెజ్యూమేలో ఉన్నాయి. ఇక్కడ ఒక్క మోడల్ గురించే చెబుతాను.

ఆగస్టులో అమెరికా మన ఎగుమతుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యల మేత అమ్మే అవంతి ఫీడ్స్‌కు ఎక్సెల్‌లో మోడల్ కడుతున్న రోజులవి. రొయ్య ధర పడితే రైతు మేత తగ్గిస్తాడని లెక్కేసి, వెంటనే వచ్చే త్రైమాసికంలోనే మేత అమ్మకాలకు 25 శాతం కోత పెట్టేశాను. మాకు నాలుగెకరాల వనామీ చెరువు ఉంది. షీటు చూపిస్తే నాన్న నవ్వేశారు. "చెరువులో రొయ్య పెట్టుకుని మేత ఎలా ఆపుతామమ్మా? పట్టుబడి అయ్యాక కదా, మళ్ళీ సీడ్ వేయాలా వద్దా అని చూసుకునేది!"

ఆ మాట పట్టుకుని చుట్టుపక్కల పదకొండు మంది రైతుల్నీ ఇద్దరు మేత డీలర్లనీ కలిశాను. ఏడుగురు రైతులు తర్వాతి పంటకు సీడ్ ఆలస్యంగా వేస్తామన్నారు. ఒక డీలరు ఖాతా పుస్తకం తెరిచి, ఎవరికి ఎన్ని బస్తాలు అప్పిచ్చారో చూపించారు. పాత బాకీ తీరని వాళ్ల పేర్ల పక్కన ఎర్ర గీత. కొత్త పంటకు వాళ్లకు అరువు లేదట. ఈ గీతలు ఏ కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనిపించవు. పదమూడు మందితో దేశం మొత్తానికి లెక్క కట్టలేనని తెలుసు. కానీ అమ్మకాల కోతను ఒక పంట కాలం, అంటే దాదాపు నాలుగు నెలలు, వెనక్కి జరపడానికి ఆ మాత్రం ఆధారం చాలనిపించింది.

మార్జిన్ల దగ్గర ఎక్కువ సమయం పట్టింది. మేతలో ఫిష్ మీల్, సోయా మీల్ ధరలే కీలకం. 2021లో సోయా మీల్ ధర మండిపోయి, ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. 2021-22లో అవంతి అమ్మకాలు పెరిగినా లాభం తగ్గింది. అందుకే మోడల్‌లో ముడిసరుకు ధరలకు విడిగా ఒక షీటు పెట్టాను.

డీసీఎఫ్‌లో మాత్రం ఇంకా తడబడుతున్నాను. టెర్మినల్ గ్రోత్ ఒక్క శాతం మార్చితే షేరు విలువ ఎంత ఊగుతుందో చూసి భయపడి, టార్గెట్ ధర ఇవ్వకుండా ఒక రేంజ్ ఇచ్చి ఊరుకున్నాను. మీ దగ్గర మొదట నేర్చుకోవాలనుకుంటున్నది ఇదే.

ఒక డిస్‌క్లోజర్: మా ఇంట్లో ఎవరికీ ఈ కంపెనీ షేర్లు లేవు. మేత బస్తాలు మాత్రం ఉన్నాయి.

మోడల్ ఫైలు, రైతులతో మాట్లాడిన నోట్సు జతచేశాను. డిసెంబర్ 1 నుంచి ఆరు నెలలు హైదరాబాద్‌లో ఉండగలను. కూకట్‌పల్లిలో పిన్ని వాళ్లిల్లు ఉంది కాబట్టి వసతికి ఇబ్బంది లేదు. ఇంటర్వ్యూకు ఏ రోజు రమ్మన్నా ముందు రోజు రాత్రి బస్సెక్కుతాను.

ఇట్లు,
పి. సత్యవేణి